నీదేముంది, మా ఇంట్లో అయితే...

తిరుమలలో సర్వదర్శనానికి ఎనిమిది గంటలు పట్టిందని ఒకరు చెబుతారు. మాట పూర్తికాకముందే పక్కనున్న స్నేహితుడు తాము ఇరవై గంటలు కంపార్ట్‌మెంటులోనే కూర్చున్నామంటాడు. వారం రోజులు జ్వరమొచ్చి లేవలేకపోయానంటే, తనకొచ్చింది డెంగీ అనీ, ప్లేట్‌లెట్లు ఇరవై వేలకు పడిపోయాయనీ అంటాడు. అబ్బాయికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిందంటే, వాళ్ల అక్క కొడుకు ఐఐటీ సంగతి బయటికొస్తుంది. సంతోషానికి మించిన సంతోషం, కష్టానికి మించిన కష్టం ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

ఇలాంటి వ్యక్తి లేని స్నేహబృందం అరుదు. ఇంకో సంగతి కూడా నిజమే. అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాల్సివస్తే ముందుగా బండి తీసుకొచ్చేది ఆయనే కావచ్చు, పెళ్లిలో వడ్డనకు నడుం బిగించేదీ ఆయనే కావచ్చు. ఈ చికాకు ఏళ్ల తరబడి తెగకుండా సాగడానికి కారణం ఇదే. స్నేహం వదులుకునేంత పెద్ద తప్పు అందులో కనిపించదు. కానీ చెప్పుకోవాలనుకున్న మాట చెప్పకుండానే ప్రతిసారీ ఇంటికి తిరిగిరావడం చిన్న బాధేమీ కాదు.

మాటల మధ్యలో అసలేం జరుగుతోందో కాస్త నిదానంగా చూస్తే దారి దొరుకుతుంది. అమెరికాలోని బోస్టన్ కాలేజీలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ డెర్బర్ ఈ పని చేశారు. మామూలు మనుషుల మామూలు సంభాషణల్లో శ్రద్ధ ఎవరి వైపు ఎలా మళ్లుతుందో గమనించి, 1979లో ఒక పుస్తకం రాశారు. ఎవరైనా ఒక సంగతి చెప్పినప్పుడు వినేవారి ముందు రెండు దారులుంటాయని ఆయన తేల్చారు. ఒకటి, చెప్పినవారి సంగతినే ముందుకు నడపడం. రెండోది, దాన్ని తన వైపు తిప్పుకోవడం. ఆయన చూపిన ఉదాహరణ చాలా చిన్నది. ఒకరు తెగ ఆకలిగా ఉందంటారు. ‘ఎప్పుడనగా తిన్నావ్?’ అని అడిగితే సంగతి ఆకలిగొన్నవారి దగ్గరే ఉంటుంది. ‘నేనిప్పుడే తిన్నాను’ అంటే అది రెండోవారి దగ్గరికి వెళ్లిపోతుంది. రెండూ మర్యాదైన మాటలే, రెండింట్లోనూ తిట్టు లేదు. అందుకే దారి మళ్లిన క్షణం ఎవరికీ కనబడదు. పదిసార్లు మళ్లాక మాత్రం ఒకరికి కడుపులో ఏదో వెలితి మిగులుతుంది.

తెలుగువాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడానికి బుర్రకథ బాగా పనికొస్తుంది. నడుమ కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. వంతలు మౌనంగా నిలబడరు. తాళం వేస్తారు, పల్లవి అందుకుంటారు, జనం అడగాలనుకున్న ప్రశ్న వాళ్లే అడుగుతారు, హాస్యం చెబుతారు. ఒక్కోసారి కథకుడికన్నా ఎక్కువ నవ్వించేది వాళ్లే. అయినా కథ చేతులు మారదు. వాళ్లు ఏమన్నా ఆ మాట తిరిగి కథకుడి దగ్గరికే చేరుతుంది. మంచి శ్రోత కూడా ఎంతైనా మాట్లాడవచ్చు, తన అనుభవమూ చెప్పవచ్చు. చివరికి మాట ఎవరి దగ్గరికి చేరిందన్నదే చూడాల్సిన విషయం.

తన అనుభవం చెప్పడం కూడా తప్పు కాదనే మాటను కాస్త వివరించాలి. ఎదుటివాళ్లు కథ చెబితే మనమూ ఒక కథ చెప్పడం అనేది స్వార్థపరుల దుర్గుణమని అనుకుంటే పొరపాటు. హార్వీ శాక్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1960ల్లో, 70ల తొలినాళ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ సంగతిని శ్రద్ధగా పరిశీలించారు. సంభాషణల్ని రికార్డు చేసి, ఒక్కో మాటనూ విడదీసి చూసేవారాయన. ఒకరి కథ తరువాత రెండోవారు చెప్పే కథ చాలాసార్లు ‘నీ మాట నాకు అర్థమైంది’ అనడానికి రుజువుగా నిలుస్తుందని ఆయన గమనించారు. అర్థమైందని నోటితో ఎవరైనా అనవచ్చు. అలాంటిదే తన అనుభవం ఒకటి వెతికి తీసుకొస్తే, నిజంగానే వినిపించుకున్నారని తెలుస్తుంది. శాక్స్ 1975లో కారు ప్రమాదంలో మరణించారు. ఆ ఉపన్యాసాలు 1992లో పుస్తకంగా వచ్చాయి.

ఇందులో పెరిగిన తీరు కూడా ఉంటుంది. భాషాశాస్త్రవేత్త డెబొరా టానెన్ 1978లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక పండుగ విందులో జరిగిన మాటల్ని రికార్డు చేశారు. బల్ల చుట్టూ ఆరుగురు. ముగ్గురు న్యూయార్క్‌లో పెరిగినవాళ్లు, ఇద్దరు లాస్ ఏంజెలస్ వాళ్లు, ఒకరు ఇంగ్లండ్ నుంచి వచ్చినామె. న్యూయార్క్ వాళ్లు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేవారు, ఒక కథ మీద ఇంకో కథ వేసేవారు. వాళ్ల దృష్టిలో అది స్నేహం. నేను చెప్పాను కదా, ఇక నువ్వూ చెప్పు అన్నట్టు. మిగిలిన ముగ్గురికి నోరు తెరిచే సందు దొరకలేదు. ఎవరి మనసులోనూ దురుద్దేశం లేదు. మన దగ్గరా ఇలాంటి తేడాలుంటాయి. పదిమంది ఉన్న ఇంట్లో, అరుగు మీద అందరూ ఒకేసారి మాట్లాడుకునే కబుర్ల మధ్య పెరిగినవారికి, ఇద్దరే పిల్లలున్న నిశ్శబ్దమైన అపార్ట్‌మెంటులో పెరిగినవారికి ‘మధ్యలో అందుకోవడం’ ఒకేలా వినిపించదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో కూడా చాలామంది, ఎదుటివారి బాధ తమకు అర్థమైందని చూపడానికి తమ అనుభవమే చెబుతామని అంటుంటారు.

కాబట్టి చికాకు పడ్డ ప్రతి సందర్భమూ పోటీ కాదు. పోటీని, తోడునీ వేరు చేయడానికి మూడు గుర్తులున్నాయి. స్నేహితుడి కథ ముగిశాక మళ్లీ మొదటి సంగతికి వస్తాడా అన్నది మొదటిది. ‘మాకూ ఇలాగే అయింది, ఇంతకీ మీ నాన్నగారికి ఇప్పుడెలా ఉంది?’ అన్నాడంటే ఆ కథ తోడుగా వచ్చినదే. రెండోది, కథలో కొలతలు పెరుగుతున్నాయా అని చూడటం. పది రోజులకు ఇరవై రోజులు, రెండు లక్షలకు ఆరు లక్షలు, మూడో ర్యాంకుకు మొదటి ర్యాంకు వస్తుంటే అది సాటి అనుభవం చెప్పడం కాదు, మించడం. మూడోది అన్నింటికన్నా పనికొచ్చే గుర్తు. అన్ని విషయాల్లోనూ ఇలా చేస్తాడా, కొన్నింట్లోనేనా? సినిమాల గురించి, వంటల గురించి హాయిగా వింటూ, ఉద్యోగం మాట రాగానే పైచేయి కోసం పాకులాడుతుంటే, నొప్పి ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

ఈ మూడో గుర్తుకు గట్టి ఆధారం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఏబ్రహం టెస్సర్, ఆయన సహచరుడు స్మిత్ 1980లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల్ని స్నేహితులతో కలిసి రమ్మని, ఎదుటివారికి సూచనలిచ్చి మాట కనిపెట్టించే ఆట ఆడించారు. సులువైన సూచన ఇవ్వాలా, కష్టమైనది ఇవ్వాలా అన్నది ఇచ్చేవారి ఇష్టం. ఇది ఉత్త ఆట అని చెప్పినప్పుడు విద్యార్థులు పరాయివారికన్నా స్నేహితులకే సులువైన సూచనలిచ్చారు. ఇది తెలివితేటల్ని కొలిచే పరీక్ష అని చెప్పి, ముందుగా వాళ్ల ఆట బాగోలేదని కూడా చెప్పినప్పుడు తీరు తిరగబడింది. పరాయివారికి ఇచ్చిన సాయం కూడా స్నేహితుడికి ఇవ్వలేదు.

టెస్సర్ వివరణ ఇది. దగ్గరివాడి గెలుపు మనకు సంబంధం లేని రంగంలోనిదైతే, ఆ వెలుగు మన మీదా పడినట్టు ఉంటుంది. మా ఫ్రెండు పాటలు భలే పాడతాడని ఊరంతా చెప్పుకుంటాం. అదే గెలుపు మనం మనల్ని కొలుచుకునే రంగంలోనిదైతే గుచ్చుకుంటుంది. అవతలివాడు ఎంత దగ్గరివాడైతే అంత లోతుగా గుచ్చుకుంటుంది. వీధి చివర ఎవరో కొనుక్కున్న ఫ్లాటు ఎవరి నిద్రా చెడగొట్టదు. ఒకే బ్యాచ్‌లో చదివి, ఒకే ఏడాది ఉద్యోగంలో చేరిన మిత్రుడు కొన్న ఫ్లాటు చెడగొడుతుంది. పెద్ద కథ చెప్పే స్నేహితుడు మనల్ని పరాయిగా చూస్తున్నాడనుకుంటాం. చాలాసార్లు అతను మరీ దగ్గరగా చూస్తున్నాడు. పిల్లల ర్యాంకులు, అమెరికా వీసాలు, కోకాపేటలో ప్లాట్లు, పెళ్లి ఖర్చులు మన ఇళ్లలో ఎంత సున్నితమైన విషయాలో తెలిసిందే. పోటీ కథలు కూడా ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతాయి.

కష్టాల్లోనూ పోటీ ఉంటుందన్నది కొందరికి వింతగా తోచవచ్చు. 1967లో బ్రిటిష్ టెలివిజన్‌లో వచ్చిన ఒక హాస్య సన్నివేశం ఇప్పటికీ లోకమంతా చూస్తుంటారు. యార్క్‌షైర్‌కు చెందిన నలుగురు సంపన్నులు కూర్చుని, చిన్నప్పుడు మేమెంత పేదవాళ్లమో అని ఒకరిని మించి ఒకరు చెప్పుకుంటూ పోతారు. చివరికి ఎవరూ నమ్మలేనంత దాకా వెళ్తుంది. మన ఇళ్లలో బడికి నడిచిన మైళ్లు కూడా ఇలాగే ఏటేటా పెరుగుతుంటాయి. పడ్డ కష్టం కూడా మనిషికి ఒక సంపాదనే. దానికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదనిపించినప్పుడు, ఇంకొకరు తమ కష్టం చెప్పుకోగానే తనదీ బయటపడుతుంది.

ఇంత పాట్లు పడి పెద్ద కథ చెప్పినవారికి ఒరిగేదేమిటి? 2014లో గస్ కూనీ, డేనియల్ గిల్బర్ట్, టిమొతీ విల్సన్ అనే పరిశోధకులు ఈ ప్రశ్నకు దగ్గరి ప్రయోగమొకటి చేశారు. నలుగురేసి మనుషుల్ని కూర్చోబెట్టి, ఒకరికి చాలా మంచి వీడియో, మిగతా ముగ్గురికి సాదాసీదా వీడియో చూపించారు. తరువాత ఐదు నిమిషాలు కబుర్లు చెప్పుకోమన్నారు. గొప్ప వీడియో చూసినవారే సంభాషణలో హీరో అవుతారని అందరూ అనుకుంటారు. జరిగింది వేరు. ముగ్గురూ తమ మామూలు వీడియో గురించి కలిసి మాట్లాడుకున్నారు, గొప్పది చూసిన వ్యక్తి ఒంటరిగా మిగిలి మనసు చిన్నబుచ్చుకున్నారు. పెద్ద కథ జనాన్ని దగ్గరికి లాగుతుందన్న లెక్కే తప్పని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఆ లెక్కతోనే మాట్లాడే స్నేహితుడు, తన మాటకు స్పందన తగ్గినకొద్దీ కథ ఇంకా పెంచుతాడు.

ఇక ఆచరణలోకి వద్దాం. ఒక సందర్భం ఊహించుకుంటే సులువుగా ఉంటుంది. రాజమండ్రిలో కలిసి డిగ్రీ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్న ఇద్దరు స్నేహితురాళ్లు. పేర్లు సుజాత, పద్మ అనుకుందాం. సుజాత వాళ్లమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఊరెళ్లి పది రోజులు ఉండి వచ్చిన సుజాత, ఆదివారం సాయంత్రం టీ తాగుతూ మొదలుపెట్టింది.

‘అమ్మకి తుంటి ఆపరేషన్ అయిందే. పది రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాను.’

‘అయ్యో, తుంటేనా? మా మామగారికి తుంటీ, మణికట్టూ రెండూ విరిగాయి కదే. ఇరవై రెండు రోజులు! దానికితోడు షుగరు. అన్నీ నేనొక్కదాన్నే చూసుకున్నాను.’

పద్మ అన్న ‘అయ్యో’ నిజమైనదే. ‘తుంటేనా’ అన్నది ప్రశ్నలా ఉంది గానీ జవాబు కోసం ఆగలేదు. తరువాత వచ్చినవి కొలతలు. ఒక ఎముకకు రెండు, పది రోజులకు ఇరవై రెండు. చివరి వాక్యం మాత్రం కొలత కాదు. అన్నీ తానొక్కతే చూసుకున్నానన్న మాటలో ఒక ఫిర్యాదు ఉంది. మామగారిని చూసుకున్న ఆ రోజుల్లో ‘నువ్వెలా ఉన్నావే?’ అని పద్మను ఎవరూ అడగలేదేమో. ఇది గమనిస్తే సుజాత చేయాల్సిన పని సగం తేలికవుతుంది.

ఆ క్షణంలో సుజాతకు రెండు మార్గాలున్నాయి. వెంటనే, మృదువుగా మాట వెనక్కి తెచ్చుకోవడం ఒకటి. ‘మీ మామగారి సంగతి కూడా వింటానే, ముందు నాది కాస్త పూర్తి చేయనీ. రాత్రిళ్లు ఏం జరిగేదో నీకు చెప్పనేలేదు’ అనవచ్చు. ఇందులో కిటుకంతా సమయంలో ఉంది. పద్మ మొదటి రెండు మాటలు అన్నప్పుడే ఇలా అంటే సరదాగా సాగిపోతుంది. ఐదు నిమిషాలు విని, లోపల ఉడికిపోయి, అప్పుడు అంటే మాట అదే అయినా గొంతు మారిపోతుంది. అప్పటికి పద్మ తన కథ మధ్యలో ఉంటుంది కాబట్టి అడ్డుపడ్డది సుజాతే అవుతుంది.

కాస్త ఆలస్యమైతే రెండో మార్గం పట్టాలి. పద్మ కథలోంచే ఒక ప్రశ్న తీసి, దాని మీదుగా తన సంగతికి రావాలి. ‘అన్ని రోజులు ఒక్కదానివే ఎలా తట్టుకున్నావే? నాకైతే అమ్మ రాత్రిపూట మంచం దిగబోతుంటే గుండె ఆగినంత పనయ్యేది.’ పద్మకు కావలసిన గుర్తింపు ఒక్క వాక్యంలో దొరికింది. సంగతి మళ్లీ అమ్మ దగ్గరికి వచ్చింది. ప్రశ్న మాత్రం నిజంగా అడగాలి. మాట తిప్పడానికి వాడిన ఎత్తుగడ అని తెలిస్తే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది.

టీ దగ్గర కూర్చోకముందే చేయగలిగినది ఇంకొకటి ఉంది. తనకేం కావాలో ముందే చెప్పడం. ‘ఒక పావుగంట నా గోడు వినవే. సలహా వద్దు, ఉత్తినే విను చాలు.’ మన దగ్గర స్నేహితుల్ని ఇలా అడగడం కొత్తగా, కొంచెం మొహమాటంగా ఉంటుంది. మంచి స్నేహితులైతే అడగకుండానే గ్రహించాలని ఆశిస్తాం. ఈ ఆశే ఎక్కువ దెబ్బ తీస్తుంది. కథకు కథ చెప్పడమే ఓదార్పని నమ్మేవారికి, ఊరికే వినడం కూడా ఒక పనేనని ఎవరో ఒకరు చెప్పాలి.

చెప్పే తీరులోనూ మార్పు చేసుకోవచ్చు. సుజాత తన కథను రోజుల లెక్కతో మొదలుపెట్టింది. లెక్కతో మొదలైన కథకు లెక్కతోనే జవాబు వస్తుంది, ఎందుకంటే అందులో పట్టుకోవడానికి తేలిగ్గా దొరికేది అదే. ‘ఆపరేషన్ అయిన రాత్రి అమ్మ నన్ను వాళ్లమ్మ అనుకుని పిలిచిందే’ అని మొదలుపెట్టి ఉంటే పద్మ దానికి మించినది ఏం వెతుకుతుంది? ఆగి, ‘తర్వాత?’ అని అడిగే అవకాశమే ఎక్కువ. ఖర్చులు, మార్కులు, గంటలు, చదరపు గజాలు పక్కనపెట్టి, జరిగినదాన్ని జరిగినట్టు చెబితే పోటీకి తావు తగ్గుతుంది.

చాలామంది చేసే మూడు పనులు మాత్రం పరిస్థితిని చెడగొడతాయి. మొదటిది ఎదురు పోటీ. పద్మ ఇరవై రెండు రోజులంటే సుజాత ఆస్పత్రి బిల్లు తీయడం. అప్పుడు ఇద్దరూ మాట్లాడతారు, వినేవాళ్లుండరు. రెండోది ఎత్తిపొడుపు. ‘అవునులే, అన్నీ మీ ఇంట్లోనే జరుగుతాయి’ అంటే ఆ పూటకు కసి తీరుతుంది. దొరికిపోయానన్న అవమానం తప్ప పద్మకు ఏం మార్చుకోవాలో తెలియదు. మూడోది, మూడో స్నేహితురాలికి ఫోన్ చేసి పద్మ గురించి చెప్పుకోవడం. అది ఎప్పుడో ఒకప్పుడు పద్మ చెవిన పడుతుంది. అసలు సమస్యకన్నా ఆ సంగతే స్నేహాన్ని ఎక్కువ దెబ్బతీస్తుంది.

చిన్న చిన్న మలుపులతో పని జరగకపోతే నేరుగా మాట్లాడక తప్పదు. అందుకు కొన్ని నియమాలున్నాయి. ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడాలి. జరిగిన రోజునే వద్దు, రెండు మూడు రోజులు ఆగాలి. ఒక్క సంఘటనే ఎత్తాలి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అన్నారంటే, అలా చేయని నాలుగు సందర్భాలు పద్మ వెంటనే చూపిస్తుంది, వాదన అటు పోతుంది. సుజాత ఇలా అనవచ్చు: ‘మొన్న అమ్మ సంగతి చెబుతుంటే నువ్వు మీ మామగారి సంగతి ఎత్తుకున్నావు. నాకు అమ్మ గురించి ఇంకా చాలా చెప్పుకోవాలని ఉండింది. చెప్పకుండానే ఇంటికెళ్లిపోయాను. ఈసారి నాది అయ్యేదాకా వినవే.’ పద్మ ఏం చేసిందో, సుజాతకు ఏమైందో, ఇక ముందు ఏం కావాలో ఇందులో ఉన్నాయి. పద్మ గుణం మీద తీర్పు లేదు.

జవాబు రెండు రకాలుగా రావచ్చు. ‘అయ్యో, నిన్ను ఓదార్చాలనే చెప్పానే’ అని పద్మ ఆశ్చర్యపోతే దాన్ని నమ్మడమే మేలు. అది నిజమయ్యే అవకాశం ఎక్కువ, పైగా మనసులో ఉన్నదాని మీద వాదించి ఎవరూ గెలవలేరు. ‘అయితే ఇక నుంచి నోరు మూసుకుని కూర్చుంటాలే’ అని అలిగితే, ‘మూసుకోమనలేదే, నీది కూడా వింటాను, నాది అయ్యాక’ అని అక్కడితో ఆపాలి. మామగారి సంగతి నిజంగానే ఇంకో రోజు సుజాతే అడిగి కదిలించి, మధ్యలో తనది కలపకుండా పూర్తిగా వింటే, చెప్పిన మాటకు బలం వస్తుంది. పద్మ తన భారం దించుకోవడానికి అది మొదటి అవకాశం కూడా కావచ్చు.

నలుగురిలో ఉన్నప్పుడు వ్యవహారం వేరు. వినేవాళ్లు పెరిగినకొద్దీ కథ పెద్దదవుతుంది. అక్కడ బాధితులే తమ మాట తాము కాపాడుకోవడం కష్టం, చూడటానికీ బాగోదు. పక్కనున్నవారు పూనుకుంటే ఒక్క వాక్యంతో సరిపోతుంది. ‘ఆగు పద్మా, సుజాతా, మీ అమ్మ ఇప్పుడు నడుస్తున్నారా?’ అని ఎవరో ఒకరు అడిగితే కథ సొంతదారు దగ్గరికి చేరుతుంది. పద్మను ఎవరూ తప్పుపట్టనూ లేదు. వెనక చాడీలు చెప్పుకునే బదులు, ఇలా సాయం చేయమని ఒక స్నేహితురాలిని ముందుగా అడగడంలో తప్పేమీ లేదు.

మంచి వార్తల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త అవసరం. షెల్లీ గేబుల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధనలో, మంచి వార్త విన్నప్పుడు మనుషుల స్పందన నాలుగు రకాలని చూపారు. ఉత్సాహంగా ప్రశ్నలడిగి ఆనందాన్ని పెంచడం, ముక్తసరిగా బాగుందనడం, అందులో లోపాలెత్తడం, ఆ వార్తను పట్టించుకోకుండా వేరే సంగతిలోకి వెళ్లిపోవడం. పెద్ద కథ చెప్పడం నాలుగో రకానికి చేరుతుంది. వాళ్లు గమనించిన జంటల్లో, మొదటి రకం స్పందన దొరికిన చోటే అనుబంధం గట్టిగా ఉంది. ముక్తసరి మెప్పు కూడా ఆ లోటు తీర్చలేదు.

టెస్సర్ చెప్పిన సంగతి ఇక్కడ ఉపయోగపడుతుంది. ప్రమోషన్ వార్తను అదే కంపెనీలో రెండేళ్లుగా ప్రమోషన్ కోసం ఎదురుచూస్తున్న మిత్రుడికి ముందుగా చెప్పి, అతను ఎగిరి గంతేయాలని ఆశించడం ఇద్దరికీ పరీక్షే. దాచిపెట్టమని కాదు, దాస్తే తరువాత ఇంకా బాధపడతాడు. ఆ వార్త అతనికి నలుగురి ముందు, వాట్సాప్ గ్రూపులో తెలియకూడదు. ఒంటరిగా, క్లుప్తంగా చెప్పాలి. మనసారా పండుగ చేసుకోవడానికి ఆ రంగంతో సంబంధం లేని ఇంకో స్నేహితుడు ఉంటాడు. ఈ మిత్రుడితో క్రికెట్టూ, సినిమాలూ, పాత రోజులూ ఎలాగూ ఉన్నాయి. ఒకే మనిషి అన్ని వార్తలకూ శ్రోత కావాలన్న నియమం ఎక్కడా లేదు.

కథల్లో అబద్ధాలు కలుస్తున్నాయని తెలిసినా నలుగురిలో నిలదీయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ కథ సంగతి అడగకుండా ఉంటే చాలు, అది తనంతట తాను ఆగిపోతుంది. డబ్బు, ఆస్తి, పిల్లల పెళ్లి సంబంధాల వంటి విషయాల్లో అతను చెప్పిన మాటను ఆధారం చేసుకుని మాత్రం నిర్ణయం తీసుకోకూడదు.

సర్దుకుపోవడానికి ఒక హద్దు ఉంది. నేరుగా, మర్యాదగా రెండుసార్లు చెప్పాక కూడా చెప్పిన కష్టాన్ని చులకన చేయడం, మంచి వార్త విన్న ప్రతిసారీ మనిషిని తక్కువ చేసి మాట్లాడటం, రహస్యంగా చెప్పుకున్నది ఇంకోచోట తన కథలో వాడుకోవడం కనిపిస్తే, అది మాట తీరులో లోపం కాదు. అలాంటివారికి సొంత సంగతులు చెప్పడం తగ్గించాల్సిందే. పలకరింపులు, పెళ్లిళ్లకు వెళ్లిరావడాలు ఉండవచ్చు, మనసులోని మాట మాత్రం ఇంకొకరికి చెప్పుకోవాలి.

చాలామంది ఆ కోవకు చెందరు. ఏళ్ల అలవాటు కాబట్టి వాళ్లలో వచ్చే మార్పు పాక్షికంగానే ఉంటుంది. పద్మ మామగారి కథ చెప్పడం మానేయదు. ముందు సుజాత సంగతి మీద ఒక ప్రశ్న అడిగి, జవాబు విని, ఆ తరువాత తనది మొదలుపెడుతుంది. ఒక్కోసారి మధ్యలోనే గుర్తొచ్చి, ‘సరే, నీది చెప్పు’ అంటుంది. ఇంకోసారి అదీ మరిచిపోతుంది, అప్పుడు సుజాత మళ్లీ గుర్తుచేయాల్సి వస్తుంది.